ఈఆర్పీలో డిమాండ్ ఫోర్‌కాస్ట్: మెథడ్ కంటే ముందు హిస్టరీ, పర్సంటేజ్ కంటే ముందు బయాస్

ఎస్ఏపీలో మెటీరియల్ మాస్టర్ ఓపెన్ చేసి ఫోర్‌కాస్టింగ్ వ్యూలోకి వెళ్తే మోడల్ అని ఒక ఫీల్డ్ కనిపిస్తుంది. D పెడితే కాన్‌స్టంట్, T పెడితే ట్రెండ్, S పెడితే సీజనల్, X పెడితే సీజనూ ట్రెండూ రెండూ, J పెడితే ఏది సరిపోతుందో సిస్టమే తేల్చుకుంటుంది. ప్రాజెక్ట్ గో-లైవ్ హడావిడిలో చాలా చోట్ల అన్నిటికీ J పెట్టేసి వదిలేస్తారు, ఆర్నెల్ల తర్వాత గోడౌన్ నిండిపోయినా, లేదా సీజన్‌లో సరుకు లేక డీలర్లు అరిచినా, అప్పుడు మొదలవుతుంది చర్చ: అల్గారిథమ్ బాలేదు, కొత్త టూల్ కొందాం అని. కానీ కూర్చుని లెక్క చూస్తే తప్పు మోడల్‌లో కాకుండా దానికి ముందూ వెనకా ఎక్కువగా దొరుకుతుంది. ముందు అంటే దానికి ఇచ్చిన హిస్టరీ, వెనక అంటే వచ్చిన నంబర్ మీద సేల్స్ వాళ్ళు చేసిన మార్పు, ఆ మార్పు మంచి చేసిందా చెడు చేసిందా ఎవరూ కొలవకపోవడం.

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళ్దాం. సబ్‌మెర్సిబుల్ పంపులు తయారు చేసే ఒక కంపెనీ, తెలంగాణ, రాయలసీమ డీలర్లకి అమ్ముతుంది అనుకుందాం, పేరు, నంబర్లు అన్నీ ఊహించినవే కానీ కథ మాత్రం చాలా ప్లాంట్లలో జరిగేదే. 5 హెచ్‌పీ పంప్ వాళ్ళ మెయిన్ ఐటమ్. ఫిబ్రవరి నుంచి బోర్లలో నీళ్ళు కిందకి పోతాయి, కొత్త బోర్లు పడతాయి, ఉన్న మోటార్లు కాలిపోతాయి, కాబట్టి మే వరకు గిరాకీ, వానలు పడగానే తగ్గుతుంది. రాగి వైండింగ్ వైరు, స్టాంపింగులు, క్యాస్టింగులు ఆర్డర్ పెట్టి తెప్పించుకోవడానికి దాదాపు 2 నెలలు. అంటే మార్చిలో ఎన్ని పంపులు కావాలో జనవరిలోనే చెప్పాలి, మార్చి 1న ఎంత కరెక్ట్‌గా చెప్పినా పర్చేజ్ వాళ్ళకి అది పనికిరాదు.

ఇప్పుడు హిస్టరీ. సిస్టం మామూలుగా ఏం తీసుకుంటుంది అంటే ఇన్‌వాయిస్ అయిన క్వాంటిటీ, లేదా స్టోర్ నుంచి బయటకి వెళ్ళిన క్వాంటిటీ. ఒక ఏడాది ఈ పంప్ ఇన్‌వాయిస్‌లు మార్చిలో 2,200, ఏప్రిల్‌లో 1,100. డీలర్ల దగ్గర నుంచి రైతులకి అమ్ముడైన లెక్క తెప్పించి చూస్తే మార్చిలో 1,600, ఏప్రిల్‌లో 1,700. రెండు నెలలూ కలిపితే ఇటూ 3,300, అటూ 3,300. తేడా ఏంటో సేల్స్‌లో పనిచేసిన ఎవరికైనా తెలుసు, మార్చి 31కి టార్గెట్ క్లోజ్ చేయాలి, స్కీమ్ ఇచ్చి డీలర్ గోడౌన్‌లోకి తోసేశారు, ఏప్రిల్‌లో డీలర్ ఆ సరుకే అమ్ముకుంటూ ఆర్డర్ తగ్గించాడు. మోడల్‌కి ఈ సంగతి తెలీదు కదా, దానికి కనిపించేది ఒకటే, మార్చి అంటే పెద్ద నెల, ఏప్రిల్ అంటే సగం నెల. సీజనల్ మోడల్ ఆ షేప్‌నే నేర్చుకుని వచ్చే ఏడాది మార్చికి 2,200 కావాలంటుంది, ప్లాంట్ దానికోసం ఓవర్‌టైమ్ చేస్తుంది, రాగి ముందే కొంటుంది, సరుకు ఉంది కాబట్టి సేల్స్ మళ్ళీ తోస్తుంది. ఇలా మనం చేసిన పనే మనకి డిమాండ్‌లా కనిపిస్తూ ప్రతి ఏడాదీ గట్టిపడిపోతుంది.

దీనికి ఎదురు వాదన ఒకటుంది, అది కొట్టిపారేసేది కాదు: మార్చిలో నిజంగానే 2,200 పంపించాల్సి వస్తే ప్లాంట్ 2,200 చేయాలి కదా, రైతు ఎప్పుడు కొన్నాడన్నది ప్లాంట్‌కి ఎందుకు. నిజమే, కానీ ఆ అదనపు 600 గిరాకీ కాదు, మేనేజ్‌మెంట్ తీసుకున్న నిర్ణయం, ఈ ఏడాది స్కీమ్ ఉంటే ఉంటుంది, లేకపోతే ఉండదు. అందుకే బేస్ హిస్టరీలో మార్చి 1,600, ఏప్రిల్ 1,700 పెట్టి, స్కీమ్ వల్ల జరిగే ముందు-వెనకల్ని వేరే లైన్‌గా పైన కలపాలి, మార్చికి ప్లస్ 600 వేసినవాళ్ళు ఏప్రిల్‌కి మైనస్ 600 కూడా వేయాలి. ఆ మైనస్ రాయడం దాదాపు ఎవరూ గుర్తుపెట్టుకోరు.

రెండోది స్టాకౌట్. మే నెలలో కొన్ని రోజులు సరుకు లేదనుకోండి, ఇన్‌వాయిస్‌లో 1,100 కనిపిస్తుంది, అడిగింది మాత్రం 1,350. అందుకే ఇన్‌వాయిస్ డేట్ కాకుండా సేల్స్ ఆర్డర్‌లో కస్టమర్ అడిగిన డెలివరీ డేట్, ఆర్డర్ క్వాంటిటీ తీసుకుంటే మేలు. అయితే దాన్ని కూడా గుడ్డిగా తీసుకోకూడదు, సరుకు దొరకనప్పుడు ఒకే డీలర్ రెండు డిపోల్లో ఆర్డర్ పెట్టేసి ఏది ముందొస్తే అది తీసుకుని రెండోది క్యాన్సిల్ చేస్తాడు, లేదా 20 కావాల్సిన చోట 40 అడుగుతాడు సగమైనా వస్తాయని. కాబట్టి క్యాన్సిల్ అయిన లైన్లు, వారం లోపే రిపీట్ అయిన లైన్లు ఒకసారి కంటితో చూడాలి. పెద్ద ఐటమ్స్ వరకే చూసినా చాలు.

హిస్టరీ క్లీన్ అయ్యాక మెథడ్ గురించి మాట్లాడుకోవచ్చు, అక్కడ నిజానికి భయపడాల్సినంత లేదు. ఈఆర్పీల్లో ఉండేది ఎక్కువ భాగం ఎక్స్‌పొనెన్షియల్ స్మూతింగ్ కుటుంబమే, 1950ల్లో రాబర్ట్ బ్రౌన్, చార్లెస్ హోల్ట్ తయారు చేశారు, 1960లో పీటర్ వింటర్స్ సీజన్ భాగాన్ని పరీక్షించి పేపర్ రాశారు. అసలు లెక్క ఒక్క లైనే:

```
F(t+1) = alpha * A(t) + (1 - alpha) * F(t)
```

A అంటే జరిగింది, F అంటే మనం అనుకున్నది. 1,000 అనుకుంటే 1,400 జరిగింది అనుకోండి, ఆల్ఫా 0.2 అయితే కొత్త నంబర్ 1,080, ఆల్ఫా 0.5 అయితే 1,200. ఆల్ఫా అంటే నిన్నటి సంఘటనని ఎంత నమ్మాలి అనే ప్రశ్న, అంతే. ఎస్ఏపీలో ఏమీ ఇవ్వకపోతే ఆల్ఫా 0.2 తీసుకుంటుంది, స్టెడీగా పోయే ఐటమ్‌కి అది మంచి నంబరే. మొన్న మిస్ అయ్యామని కంగారుగా దాన్ని 0.5కో 0.6కో పెంచితే వచ్చే నెలల్లో ఫోర్‌కాస్ట్ ప్రతి చిన్న కుదుపుకీ ఊగుతుంది, దాని వెనకే ఎంఆర్పీ రన్‌లో (ఇక్కడ ఎంఆర్పీ అంటే మెటీరియల్ ప్లానింగ్, ప్యాకెట్ మీద రేటు కాదు) పర్చేజ్ ఆర్డర్లు ముందుకీ వెనక్కీ జరుగుతూ ఉంటాయి, సప్లయర్‌కి మన మాట మీద నమ్మకం పోతుంది.

సీజన్ దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. సీజనల్ మోడల్ మొదలుపెట్టడానికి ఒక పూర్తి సీజన్ డేటా ఉంటే సిస్టం ఒప్పేసుకుంటుంది, కానీ 12 నెలల డేటా అంటే ఏప్రిల్ నెల గురించి మనకి తెలిసింది ఒకే ఒక్క ఏప్రిల్, ఆ ఏడాది ఏప్రిల్‌లో ఏదో తేడా జరిగుంటే అదే రూలు అయిపోతుంది. రెండేళ్ళున్నా రెండే ఏప్రిళ్ళు. అందులోనూ ఒక్కో డిపోకి ఒక్కో పంప్‌కి విడివిడిగా సీజన్ లెక్క కడితే కర్నూల్ డిపోలో 7.5 హెచ్‌పీకి ఆగస్టులో గిరాకీ అన్నట్టు వింతలు వస్తాయి, అది ఎవరో ఒక కాంట్రాక్టర్ ఒకేసారి 60 పంపులు కొన్న నెల అయ్యుంటుంది. మేలైన దారి ఏంటంటే 3, 5, 7.5 హెచ్‌పీ పంపులన్నీ ఒక ఫ్యామిలీగా కలిపి, ఆ మొత్తం మీద నెలనెలా సీజన్ ఇండెక్స్ తీయాలి, ఏప్రిల్‌కి 1.5 వచ్చిందనుకుందాం. తర్వాత ఒక్కో ఐటమ్ హిస్టరీని ఆ ఇండెక్స్‌తో భాగించి సీజన్ తీసేసి, మిగిలిన దాని మీద మామూలు స్మూతింగ్ నడిపి, చివర్లో మళ్ళీ ఇండెక్స్‌తో గుణించాలి, పైన వచ్చిన 1,080 లెవెల్ అయితే ఏప్రిల్‌కి 1,620. ఇది ఎక్సెల్‌లో కూడా అయిపోయే పని.

J, అంటే ఆటోమేటిక్ సెలక్షన్, పూర్తిగా వద్దనడం లేదు, వేల ఐటమ్స్ ఉన్నప్పుడు వేరే దారి ఉండదు. కానీ అది పాత డేటాకి ఏ మోడల్ బాగా అతికిందో చూస్తుంది, పాతదానికి బాగా అతికిన మోడల్ రేపటికి బాగా చెప్తుందని గ్యారంటీ లేదు. అందుకే టాప్ ఐటమ్స్ వరకైనా చివరి 6 నెలలు దాచిపెట్టి, అంతకు ముందు డేటా మాత్రమే ఇచ్చి, 2 నెలల ముందు చెప్పినట్టుగా ఫోర్‌కాస్ట్ చేయించి, దాచిన నెలలతో పోల్చాలి. పోలికలో తప్పకుండా ఒక అతి సాధారణ పోటీదారుణ్ణి పెట్టాలి: పోయిన ఏడాది ఇదే నెలలో ఎంత పోయిందో అంతే. దీన్ని నైవ్ ఫోర్‌కాస్ట్ అంటారు. దీన్ని ఓడించలేని మోడల్‌కి లైసెన్స్ డబ్బులు కట్టడం దండగ.

స్పేర్ పార్ట్స్ సంగతి వేరు, మెకానికల్ సీల్ లాంటిది మూడు నెలలు సున్నా, నాలుగో నెల 12 పోతుంది, దానికి పై మెథడ్స్ పనిచేయవు, 1972లో క్రాస్టన్ చెప్పిన పద్ధతి, అంటే ఎంత పోతుంది, ఎన్నాళ్ళకోసారి పోతుంది అని రెండు లెక్కలు విడిగా నడిపే పద్ధతి, దానికి తర్వాత వచ్చిన సవరణలు చూసుకోవాలి. లేదా చవక పార్ట్ అయితే ఫోర్‌కాస్ట్ ఊసే లేకుండా రీఆర్డర్ పాయింట్ పెట్టేసుకోవచ్చు.

ఇక సేల్స్ టీమ్‌తో రివ్యూ. దీనికి ముందు ఒక పని జరిగుండాలి, లేకపోతే మీటింగ్ మొత్తం వాదనే అవుతుంది: ఫోర్‌కాస్ట్‌ని ఫ్రీజ్ చేసి దాచాలి. ఎస్ఏపీలో MP30తో రన్ చేసిన ఫోర్‌కాస్ట్ మళ్ళీ రన్ చేస్తే మారిపోతుంది, MD61లో పెట్టిన ప్లాన్డ్ రిక్వైర్‌మెంట్‌ని, అంటే PIRని, MD62లో ఎవరైనా మార్చేయొచ్చు. మార్చి అయ్యాక చూస్తే మార్చి నెల చివరి వారంలో సవరించిన నంబర్ కనిపిస్తుంది, అది దాదాపు కరెక్ట్‌గానే ఉంటుంది, అందరూ సంతోషిస్తారు, కానీ రాగి కొన్నది జనవరి నంబర్ మీద. కాబట్టి ప్రతి నెలాఖర్లో రాబోయే నెలలకి మూడు నంబర్లు, అంటే నైవ్, సిస్టం చెప్పింది, సేల్స్ ఫైనల్ చేసింది, ఒక షీట్‌లోనో యాక్టివ్ కాని PIR వెర్షన్‌లోనో కాపీ చేసి ఉంచాలి. పోల్చేటప్పుడు 2 నెలల ముందు కాపీనే వాడాలి.

మన పంప్ కంపెనీలో అలా దాచిన ఆరు నెలలు ఇవి:

| నెల | జరిగింది | నైవ్ | సిస్టం | సేల్స్ ఫైనల్ |
|---|---|---|---|---|
| డిసెంబర్ | 800 | 700 | 850 | 950 |
| జనవరి | 1,000 | 1,050 | 950 | 1,150 |
| ఫిబ్రవరి | 1,350 | 1,500 | 1,250 | 1,500 |
| మార్చి | 1,600 | 1,450 | 1,700 | 2,000 |
| ఏప్రిల్ | 1,700 | 1,600 | 1,600 | 1,800 |
| మే | 1,150 | 1,350 | 1,450 | 1,700 |
| మొత్తం | 7,600 | 7,650 | 7,800 | 9,100 |

నెలనెలా తేడాలని, ప్లస్సో మైనస్సో చూడకుండా కలిపి, జరిగిన మొత్తంతో భాగిస్తే నైవ్ ఎర్రర్ 9.9 శాతం, సిస్టం 9.2, ఫైనల్ 19.7. నెలవారీ పర్సంటేజ్‌లకి యావరేజ్ తీసే ఎంఏపీఈ బదులు ఈ లెక్క వాడడానికి కారణం ఉంది, ఎంఏపీఈలో చిన్న నంబర్లు లెక్కని చెడగొడతాయి, 10 పోయిన ఐటమ్‌కి 30 అంటే 200 శాతం తప్పు, అదే అసలు సున్నా అని చెప్పినా 100 శాతం దాటదు, అంటే తక్కువ చెప్పేవాడికి ఆ కొలత రహస్యంగా బహుమతి ఇస్తుంది.

కానీ ఈ టేబుల్‌లో శాతం కంటే ముందు చూడాల్సింది గుర్తులు. ఫైనల్ కాలమ్‌లో ఆరుకి ఆరు నెలలూ జరిగిన దానికంటే ఎక్కువే. ఆరు నెలల్లో 1,500 పంపులు అదనం. తేడాలు అటూ ఇటూ ఉంటే సేఫ్టీ స్టాక్ కాచుకుంటుంది, ఒకే వైపు ఉంటే అది బయాస్, దానికి సేఫ్టీ స్టాక్ మందు కాదు. కొలవడానికి ట్రాకింగ్ సిగ్నల్ అని ఉంది, గుర్తులతో కలిపిన మొత్తం తేడాని సగటు తేడాతో భాగించాలి: ఫైనల్‌కి 1,500ని 250తో భాగిస్తే 6, సిస్టంకి 200ని 117తో భాగిస్తే 1.7. ఎస్ఏపీలో డీఫాల్ట్ లిమిట్ 4. ఇక్కడ చాలామంది గమనించని విషయం, సిస్టం ఆ సిగ్నల్‌ని తన ఫోర్‌కాస్ట్ మీదే చూస్తుంది, సేల్స్ మార్చిన నంబర్ మీద చూడదు, కాబట్టి అక్కడ ఏ ఎర్ర మెసేజీ రాలేదంటే అంతా బాగుందని కాదు.

ఇది చూపించి "మీవల్లే స్టాక్ పెరిగింది" అంటే ఆ మీటింగ్ అక్కడితో అయిపోయినట్టే, పైగా అది అన్యాయం కూడా. టేబుల్‌ని ఇంకోలా చదవండి. జనవరి, ఫిబ్రవరి, ఏప్రిల్‌లో సిస్టం తక్కువ చెప్పింది, సేల్స్ పెంచమంది, దిశ కరెక్టే, పెంచిన సైజే ఎక్కువైంది. జనవరిలో 50 పెంచితే సరిపోయేది, 200 పెంచారు. డిసెంబర్, మార్చి, మేలో దిశే తప్పు. మేలో వానలు ముందుగా పడతాయని మార్చిలోనే ఎవరికీ తెలిసే అవకాశం లేదు, సిస్టం కూడా 300 తప్పింది, ఆ 300ని సేల్స్ ఖాతాలో వేయకూడదు, వాళ్ళు కలిపిన 250 గురించి మాత్రమే అడగాలి. అంటే ఫీల్డ్‌లో సమాచారం నిజంగానే ఉంది, దాన్ని నంబర్‌గా మార్చే దగ్గర ఏదో లాగుతోంది.

ఆ లాగేది ఏంటో రెండు ప్రశ్నలు అడిగితే బయటపడుతుంది. ఒకటి, ఫైనల్ నంబర్‌ని ఏరియా మేనేజర్ టార్గెట్ షీట్‌లో నంబర్‌తో పక్కపక్కన పెట్టి చూడండి, రెండూ అచ్చం ఒకటే అయితే అక్కడ ఫోర్‌కాస్ట్ లేనట్టే, టార్గెట్‌నే ఎక్కించారు, టార్గెట్ 2,000 ఉన్నోడు 1,700 వస్తుందని తన బాస్ ముందు రాయడు. రెండు, సరుకు తక్కువైనప్పుడు పంచేది ఫోర్‌కాస్ట్ నిష్పత్తిలోనా? అలా అయితే ఎక్కువ రాసినవాడికే ఎక్కువ దొరుకుతుంది, ఎవరైనా ఎక్కువే రాస్తారు. ఈ రెండూ మనుషుల నిజాయితీకి సంబంధించినవి కావు, రూల్స్‌కి సంబంధించినవి, మార్చాల్సింది వాటినే: టార్గెట్‌కీ ఫోర్‌కాస్ట్‌కీ వేరు వేరు కాలమ్‌లు, షార్టేజ్‌లో పంపకం డీలర్ల దగ్గర నిజంగా అమ్ముడైన లెక్క మీద.

మూడోది, మార్పుకి కారణం రాయించడం. టెండర్, కొత్త డీలర్, స్కీమ్, పోటీ బ్రాండ్ దొరకడం లేదు, రేటు పెరుగుతోంది, ఇలా ఐదారు కోడ్‌లు చాలు. "మార్కెట్ బాగుంది" అనేది కారణం కాదు. 2009లో రాబర్ట్ ఫిల్డెస్, పాల్ గుడ్‌విన్, వాళ్ళ సహచరులు నాలుగు కంపెనీల 60,000కి పైగా ఫోర్‌కాస్ట్‌లు పరిశీలించి ప్రచురించిన పేపర్‌లో తేలింది కూడా ఇలాంటిదే, పెద్ద మార్పులు సగటున మేలు చేశాయి, చిన్న చిన్న మార్పులు తరచుగా చెడగొట్టాయి, తగ్గించిన మార్పులు పెంచిన వాటికంటే చాలా మెరుగ్గా పనిచేశాయి, పెంచేటప్పుడు ఆశ ఎక్కువైపోతోంది. అందుకే 10 శాతం లోపు మార్పులు అసలు తీసుకోకుండా, అంతకు మించితే కారణం కోడ్ ఉంటేనే తీసుకునే రూల్ పెట్టుకోవడం మంచిది, దాంతో మీటింగ్‌లో 300 ఐటమ్స్ మీద కాకుండా 20 ఐటమ్స్ మీద నిజమైన మాటలు నడుస్తాయి. రెండు మూడు సీజన్లు పోయాక కోడ్ వారీగా చూస్తే టెండర్ అని రాసిన మార్పులు ఎంత వరకు నిజమయ్యాయో తెలుస్తుంది, సగమే నిజమవుతున్నాయంటే వచ్చేసారి ఆ కోడ్ మీద వచ్చే పెంపుని సగానికే తీసుకోవచ్చు, ఎవరితోనూ గొడవ పడక్కర్లేదు.

రివ్యూ అయ్యాక ప్లానింగ్ స్క్రీన్‌లో చేయాల్సిన పని ఒకటి మిగిలిపోతుంది, అది చేయకపోతే పైదంతా కాగితం మీదే ఉండిపోతుంది. స్ట్రాటజీ 40 వాడే ఐటమ్స్‌లో సేల్స్ ఆర్డర్లు వచ్చేకొద్దీ ఫోర్‌కాస్ట్‌ని తింటూ పోతాయి, మార్చిలో 2,000 ఫోర్‌కాస్ట్‌కి 1,600 ఆర్డర్లే వస్తే 400 తినకుండా మిగిలిపోతాయి. నెల అయిపోయింది కదా అని అవి వాటంతట అవి మాయం కావు, గడిచిన తేదీతో రిక్వైర్‌మెంట్‌గా అలాగే ఉంటాయి. గోడౌన్‌లో ఉన్న ఆ 400 పంపుల్ని ఎంఆర్పీ ఈ పాత 400కి కేటాయించేసుకుని, ఏప్రిల్ 1,800కి మళ్ళీ 1,800 కొత్తగా చేయమంటుంది. అంటే మార్చిలో ఎక్కువ చేసిన సరుకు ఏప్రిల్‌లో ఎప్పటికీ సర్దుబాటు కాదు, ఆరు నెలలకి 1,500 పేరుకుపోవడానికి దారి అదే. MD04 తెరిచి గడిచిన తేదీలతో మిగిలిన రిక్వైర్‌మెంట్‌లు ఉన్నాయేమో చూస్తే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఉంటే MD74తో సర్దాలి, ముందు టెస్ట్ మోడ్‌లో నడిపి ఏయే లైన్లు పోతాయో సేల్స్‌కి చూపించాలి, ఎందుకంటే ఆ మిగిలిన వాటిలో నిజంగా ఆలస్యమైన టెండర్ ఒకటి ఉండొచ్చు, దాన్ని కొత్త తేదీకి మార్చి మిగతావి తీసేయాలి, ఆ తర్వాతే నెల మొదటి ఎంఆర్పీ రన్ వేయాలి.